కబురు ముందు, ఫొటో తర్వాత

మా గూడేల్లో ఎవరైనా పోతే, ఆ సంగతి ఇప్పుడు చాలామందికి ఫోనులోనే తెలుస్తున్నది. పొద్దున లేచి వాట్సాప్ తెరిస్తే ఒకరి స్టేటస్‌లో పోయినవాళ్ల ఫొటో ఉంటుంది. చుట్టూ పూలదండ, పక్కన వెలుగుతున్న దీపం, కింద రెండు మాటలు. ఆ రెండు మాటలు రాసిమ్మని మమ్మల్ని అడిగేవాళ్లు తరచుగా వస్తుంటారు. బడిలో పాఠం చెప్పేవాళ్లం కాబట్టి మాటలు మా దగ్గర నిలవ ఉంటాయని వాళ్ల నమ్మకం. ఒకప్పుడు దినాల కార్డుకు అడిగేవాళ్లు, తర్వాత ఫ్లెక్సీకి అడిగారు, ఇప్పుడు స్టేటస్‌కు అడుగుతున్నారు. కార్డుకూ ఫ్లెక్సీకీ రాసేటప్పుడు ఎప్పుడు రాయాలి అనే ప్రశ్న లేదు. ప్రెస్సువాడు అచ్చు వేసి ఇచ్చేసరికి ఎలాగూ నాలుగైదు రోజులయ్యేది. ఫోను ఆ నాలుగు రోజులనూ తీసేసింది. ఎంత ఆగాలో ఇప్పుడు మనమే నిర్ణయించుకోవాలి. ఏం రాయాలన్నది కూడా ఎంత ఆగామన్నదాన్ని బట్టే ఉంటుంది.

కబురు త్వరగా చేరవలసిన అవసరం మనకు లేదని మేము అనడం లేదు. అవసరం చాలా ఉంది. మా కోయ గూడేల్లో శవాన్ని రోజుల తరబడి ఉంచుకోరు. ఎండాకాలమైతే ఆ సాయంత్రానికో, మహా అయితే మర్నాటి పొద్దుకో మట్టి చేసేస్తారు. చుట్టాలేమో గోదావరికి అటూ ఇటూ చెదిరి ఉన్నారు. 2014లో మండలాలు ఆంధ్రలో కలిసినప్పటి నుంచి ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు రాష్ట్రాలవాళ్లయ్యారు. ఛత్తీస్‌గఢ్ వైపు పిల్లనిచ్చినవాళ్లున్నారు. వాళ్లంతా రావాలంటే ముందే తెలియాలి.

అయితే కబురు అనేదానికి ఒక వరుస ఉండేది. ఇద్దరు మనుషులను పంపేవాళ్లు. ముందు మేనమామల ఇంటికి, తర్వాత ఆడబిడ్డలను ఇచ్చిన ఊళ్లకు, ఆ తర్వాత వియ్యాలవారికి. వెళ్లినవాడు వాకిట్లోకి రాగానే “పోయాడు” అనేవాడు కాదు. “బాగా జబ్బు చేసింది, చూడాలంటున్నాడు, బయల్దేరండి” అనేవాడు. వినేవాళ్లకు అతని ముఖంలోనే అర్థమయ్యేది. అయినా ఆ మాట నోటితో అనకపోవడం వల్ల దారి నడిచే బలం మిగిలేది. ఇప్పటికీ ఫోనులో మనం ఇదే చేస్తున్నాం. “సీరియస్‌గా ఉంది, రా” అంటాం. దూరాన ఉన్న కూతురో కొడుకో ఒంటరిగా బస్సెక్కి రావాలి కదా అని ఆ చిన్న అబద్ధం ఆడతాం. దాన్ని అబద్ధమని ఎవరూ అనరు, దయ అనే అంటారు. ఆ దయ నిలబడాలంటే, ఆ బస్సు ఊరు చేరేదాకా ఫోను నిశ్శబ్దంగా ఉండాలి.

ఒక ఇంట్లో జరిగింది చెబుతాం. పేర్లు అవసరం లేదు. ఏప్రిల్ మొదట్లో మా పక్క గూడెంలో యాభై ఏళ్లు దాటిన ఒక పెద్దమనిషి ఆసుపత్రిలో రాత్రి రెండున్నరకు పోయాడు. పక్కన కొడుకు ఉన్నాడు, తమ్ముడి కొడుకు కూడా ఉన్నాడు. భార్య గూడెంలోనే ఉంది. కూతురు ఖమ్మంలో నర్సింగ్ చదువుతున్నది. భార్య అన్న, అంటే పిల్లల మేనమామ, చింతూరు వైపు ఉంటాడు. మూడు గంటలకు ఆ తమ్ముడి కొడుకు ఆసుపత్రి వరండాలో కూర్చుని, పెదనాన్న మంచం మీద ఉండగా రెండు రోజుల క్రితం తీసిన ఫొటో ఒకటి స్టేటస్‌లో పెట్టాడు. కింద “ఆర్‌ఐపీ, మిస్ యూ పెదనాన్న” అని రాశాడు. మూడున్నరకు కొడుకు చెల్లెలికి ఫోను చేసి, “నాన్నకు సీరియస్‌గా ఉంది, మొదటి బస్సుకు రా” అన్నాడు.

ఆ అమ్మాయి ఐదింటి భద్రాచలం బస్సెక్కింది. కొత్తగూడెం దాకా ఫోను చూడలేదు. అక్కడ బస్సు ఆగినప్పుడు అమ్మ ఏమైనా చేసిందేమోనని తీసి చూసింది. ఫోను నిండా ముడిచిన చేతులు. గ్రామం గ్రూపులో ఆ స్టేటస్ ఫొటోనే ఎవరో పెట్టారు, దాని కింద ముప్పై ఒక్క మంది దండాలు పెట్టారు. ఆమె లెక్కపెట్టిందట. “నాన్న పోయాడని నాకు తెలిసే సమయానికి ముప్పై ఒక్క మందికి తెలుసు సార్, అందులో ఒకాయన మాకు యూరియా అమ్మే కొట్టాయన” అన్నది తర్వాత మాతో. మేనమామకూ అంతే. ఆయనకు కబురు ఇంటి నుంచి రాలేదు, టీ కొట్టు దగ్గర ఒకడు ఫోను చూపించాడు. వచ్చాడు గానీ మట్టి చేసేదాకా ఇంటివాళ్లతో మాట్లాడలేదు. మేనమామ అలిగితే మన దగ్గర ఎన్ని పనులు ఆగిపోతాయో చదివేవాళ్లకు తెలుసు.

పెట్టిన కుర్రవాడు చెడ్డవాడు కాడు. ఆ రాత్రంతా పెదనాన్న కాళ్లు పట్టింది వాడే. దుఃఖం వచ్చింది, చెప్పుకోవడానికి ఆ చీకట్లో ఎవరూ లేరు, చేతిలో ఫోను ఉంది. నలుగురూ అన్నాక ఆరున్నరకు స్టేటస్ తీసేశాడు. అప్పటికే దాన్ని ఇతరులు దాచుకుని మూడు గ్రూపుల్లోకి పంపారు. వాట్సాప్‌లో స్టేటస్ ఇరవై నాలుగు గంటలే ఉంటుంది, తర్వాత దానంతటదే పోతుంది అని మనవాళ్లు ధైర్యంగా ఉంటారు. పోయేది మన ఫోనులోంచే. గ్రూపులో మనమే పెట్టినదాన్నైతే Delete for everyone నొక్కి రెండు రోజుల్లోపు తీసేయవచ్చు. వేరేవాళ్లు పెట్టినదాన్ని వాళ్లయినా తీయాలి, గ్రూపు అడ్మిన్ అయినా తీయాలి. ఆ పొద్దున అడ్మిన్‌కు చెప్పాలన్నది ఎవరికీ తోచలేదు.

అందుకే ఎన్ని గంటలు ఆగాలి అని అడిగినవాళ్లకు మేము గంటల్లో జవాబు చెప్పం. చెవులను లెక్కపెట్టుకోమంటాం. ఈ చావు ఎవరెవరికి ఒక మనిషి గొంతుతో తెలియాలి? ఏ ఇంట్లోనైనా వాళ్లు ఐదారుగురికి మించరు. భార్య లేక భర్త, తల్లి బతికి ఉంటే తల్లి, పిల్లలు, తోడబుట్టినవాళ్లు, మేనమామ. ఈ ఇంట్లో అయితే నలుగురు. భార్యకు కొడుకే వెళ్లి చెప్పాలి, ఎందుకంటే ఆమెకు ఫోనులో చెప్పేది కాదు. కూతురికి, ఆమె బస్సు దిగాక ఎదురు వెళ్లినవాళ్లు చెప్పాలి. మేనమామకు, వరసకు పెద్దవాడైన ఒకరు ఫోను చేయాలి. పోయినాయన అక్క ఒకామె సిగ్నల్ అందని గూడెంలో ఉంది, అక్కడికి బండి మీద మనిషి వెళ్లాలి. ఈ నాలుగు పనులూ ఎంత తొందరగా చేసినా ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నర దాటేది. అంటే ఆ ఇంటికి తొమ్మిదిన్నర దాకా ఆగడం సరైన ఆగడం. ఇంకో ఇంటికి అది అరగంట కావచ్చు, ఇంకో ఇంటికి రాత్రి కావచ్చు. చివరి మనిషి “విన్నాను” అన్న తర్వాతే గ్రూపులో పెట్టాలి. పెట్టేది కూడా ఇంట్లోవాళ్లు ఒప్పుకున్న ఒక్కరే పెట్టాలి. ఊరి జనం ఏడెనిమిది గంటలు ఆలస్యంగా విన్నందువల్ల ఎవరికీ నష్టం లేదు. వాళ్లు రావలసింది సాయంత్రానికి.

ఆ మొదటి పోస్టులో ఏముండాలి? అది కబురు కాబట్టి కబురులో ఉండవలసినవే ఉండాలి. ఎవరు, ఎవరి కొడుకు, ఏ గూడెం, ఎప్పుడు పోయారు, మట్టి ఎప్పుడు, ఎటు రావాలి, ఎవరికి ఫోను చేయాలి. దుఃఖం గురించి అందులో ఏమీ అక్కర్లేదు. ఆ ఇంటికి మేము రాసిచ్చి ఉంటే ఇలా ఉండేది: “మా గూడెం ఫలానా వారి పెద్దకొడుకు, తునికాకు కల్లేదారు ఫలానా ఆయన ఈ రాత్రి ఆసుపత్రిలో పోయారు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి మట్టి. వాగు పొంగలేదు, కిందిదారిన బండ్లు వస్తాయి. ఇంటివాళ్లకు ఫోను చేయవద్దు, ఈ నంబరుకు చేయండి.” చివరి వాక్యం చాలామందికి తోచదు. కానీ ఆ రోజు భార్యా కొడుకుల ఫోన్లు మోగడమే పెద్ద హింస. ఏడుస్తున్న మనిషి ప్రతి పది నిమిషాలకు ఒకసారి మొదటి నుంచి కథంతా చెప్పాల్సి వస్తుంది.

ఫొటో విషయంలో మేము కొంచెం మొండిగా ఉంటాం. ఆసుపత్రి మంచం మీది ఫొటో, ముక్కులో గొట్టం ఉన్న ఫొటో, తెల్లగుడ్డ కప్పిన ఫొటో పెట్టకూడదు. పోయినాయనను చూడాలనుకునేవాళ్లు వచ్చి చూస్తారు. రాలేనివాళ్లకు ఆ ముఖమే చివరి ముఖమైపోతుంది. ఆ కూతురికి అదే జరిగింది. ఇంటికి వచ్చి ఆమె చూసిన తండ్రి ముఖం ప్రశాంతంగానే ఉంది. అయినా కళ్లు మూస్తే గొట్టం ఉన్న ఫొటోనే వస్తున్నదని చాలా రోజులు చెప్పింది.

ఇక మాటల సంగతి. ఫోన్లలో తిరిగే మాటలన్నీ ఎవరో ఒకరి నమ్మకం లోంచి వచ్చినవే. “స్వర్గస్తులయ్యారు” అనేవాళ్లకు స్వర్గం ఉంది. “శివైక్యం చెందారు” అనేవాళ్లకు శివుడు ఉన్నాడు. “ప్రభువునందు నిద్రించారు” అనే ఇళ్లు మన గూడేల్లోనూ ఉన్నాయి, వాళ్లు అలా రాయడమే సరి. “ఆర్‌ఐపీ” అన్నది శాంతిగా నిద్రపో అనే ఇంగ్లీషు మాటకు మూడక్షరాల పొట్టిరూపం. మనవాళ్లలో చాలామంది దాన్ని అర్థం తెలియకుండానే పెడుతున్నారు. మన పాత నమ్మకంలో పోయినవాళ్లు నిద్రపోరు, ఎక్కడికో వెళ్లిపోరు. పెద్దల్లో కలుస్తారు. కొత్తల పండుగకు కొత్త గింజలు మనం తినకముందే వాళ్లకు పెడతాం. విత్తనాల పండుగకు వాళ్లను తలుచుకోకుండా గింజ చల్లం. మేడారంలో సమ్మక్కను రెండేళ్లకోసారి చిలకలగుట్ట నుంచి గద్దె మీదికి తీసుకొస్తాం. యుద్ధంలో ఒరిగిన ఆ తల్లిని శాంతిగా నిద్రపో అని ఎవరైనా అంటారా? రమ్మనే అంటారు. అలాంటి ఇంట్లో తాత పోతే “ఆత్మకు శాంతి చేకూరాలి” అని రాయడం తప్పని మేము కొట్లాడం. కాని “పెద్దల్లో కలిశాడు” అనే మాట మన దగ్గర ఉండగా అరువు మాట ఎందుకు? ఆ ఇల్లు దేన్ని నమ్ముతుందో ఆ మాట రాయాలి. రాసేవాడికి తోచిన మాట కాదు.

ఇంకో రకం మాట ఉంది. “తీరని లోటు”, “మంచి మనిషి”, “అందరితో కలిసిమెలిసి ఉండేవారు”. ఇవి అబద్ధాలు కావు, అయితే ఎవరికైనా సరిపోతాయి. సరిపోవడమే వాటి దోషం. మన డోలీలు పెద్దల గురించి చెప్పేటప్పుడు ఇలా చెప్పరు. పడిగె విప్పి, ఏ గట్టు, ఏ వంశం, ఎక్కడ నుంచి కదిలారు, ఏ ఏరు దాటారు, ఎవరిని పెళ్లాడారు, ఏం చేశారు అని చెబుతారు. కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ విద్యకే. వంశాల చరిత్రలను ఆయన కాగితం లేకుండా గొంతులో మోశారు. ఆ పద్ధతిలో మంచి మనిషి అని ఒక్కసారి కూడా అనకుండానే ఆ మనిషి కళ్ల ముందు నిలబడతాడు. ఫోటో కింద రాసే నాలుగు వాక్యాలకు కూడా మాకు అంతకంటే మంచి నమూనా దొరకలేదు.

ఆ కూతురి దగ్గరికి మళ్లీ వస్తాం. మట్టి అయిన మూడో రోజు ఆమె మా దగ్గరికి ఫోను పట్టుకుని వచ్చింది. నాన్న గురించి తాను ఏమీ పెట్టలేదని, స్నేహితులంతా ఏమనుకుంటారోనని ఆమె బాధ. అప్పటికి ఆమె రెండు రాసుకుంది. మొదటిది, “నాన్నా, నువ్వు లేని జీవితం శూన్యం” అని మొదలై ఒక సినిమా పాట మీదికి పోయింది. రెండోది కోపంతో రాసింది. సమయానికి బండి దొరకలేదని, ముందురోజే తీసుకెళ్లమంటే ఎవరూ వినలేదని, ఆ ఎవరూ ఎవరో వాళ్లకే తెలుసని. చదివితే అది అన్నకు తగిలేలా ఉంది. ఆమె కోపం అబద్ధం కాదు. కాని ఆ మాట అన్నతో అనవలసింది, పొయ్యి దగ్గర కూర్చుని అనవలసింది. అన్న దానికి జవాబు చెప్పగలగాలి. రెండు వందల మంది చూసే చోట అతను ఏం చెబుతాడు? చెప్పినా అది తగాదానే అవుతుంది. ఇంట్లో అన్న మాట ఏడుపులో కరుగుతుంది. ఫోనులో రాసింది అలాగే ఉంటుంది, ఫేస్‌బుక్‌లో అయితే ఏడాది తిరిగేసరికి అదే రోజున జ్ఞాపకం అని మళ్లీ మన ముందుకు తెస్తుంది.

దినాలు అయ్యేదాకా ఏమీ పెట్టవద్దని మేము ఆమెకు చెప్పాం. దినాలకు మా వైపు ఒక్క లెక్క లేదు. ఇంటిని బట్టి, చేతిలో ఉన్న గింజలను బట్టి ముందూ వెనకా అవుతాయి. ఆ ఇంట్లో పదకొండో రోజుకు పెట్టుకున్నారు. ఆ రోజుదాకా ఆగమనడానికి కారణం పద్ధతి ఒక్కటే కాదు. అప్పటిదాకా ఇల్లు నిండా మనుషులుంటారు, ఎవరో ఒకరు ఏదో ఒకటి గుర్తు చేసుకుని చెబుతుంటారు. కూతురికి తెలియని తండ్రి ఆ మాటల్లోంచి బయటికి వస్తాడు. మూడో రోజున ఆమె దగ్గర ఉన్నది ఆమె దుఃఖం ఒక్కటే. పదకొండో రోజుకు ఆమె దగ్గర తండ్రి ఉన్నాడు. ముఖ్యంగా ఒక ముసలాయన చెప్పిన సంగతి ఆమె అంతకుముందు వినలేదు. తునికాకు కట్టకు యాభై ఆకులుండాలి కదా, కల్లేదారుగా ఆమె తండ్రి కట్టను లెక్కపెట్టేవాడు కాడట. అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించి, “రెండు తక్కువ” అనేవాడట. విప్పి చూస్తే రెండే తక్కువ ఉండేవి. తక్కువైన కట్టను పక్కన పారేయకుండా, తెచ్చిన ముసలామెను అక్కడే కూర్చోబెట్టి ఇంకో రెండాకులు పెట్టించి తీసుకునేవాడట.

దినాలైన తర్వాత ఆమె మూడోసారి రాసింది. నాలుగు వాక్యాలు. తండ్రి పేరు, తాత పేరు, గూడెం పేరు ఒక వాక్యం. అరచేతిలో కట్ట బరువు తూచడం ఒక వాక్యం. రెండాకులు పెట్టించుకోవడం ఒక వాక్యం. చివర “ఏప్రిల్‌లో పెద్దల్లో కలిశాడు, మట్టికీ దినాలకూ వచ్చిన అందరికీ మా ఇంటి దండాలు” అని. ఫొటో కల్లం దగ్గర ఎండలో కళ్లు చికిలించి నిలబడ్డది. పెట్టేముందు వాళ్లమ్మకు చదివి వినిపించమన్నాం. ఇది మేము ఎవరికైనా చెప్పే మాట. పోయినవాళ్లకు అందరికంటే దగ్గరి మనిషికి పైకి చదివి వినిపించాలి. కళ్లతో చదివితే తెలియని తప్పు చెవికి తెలుస్తుంది. వాళ్లమ్మ అంతా విని, “ముసలామె అని రాయకు, ఆమె బతికే ఉంది, ఆకు తక్కువ తెచ్చిందని ఊరంతా అంటారు” అన్నది. మాకు ఆ సంగతి తట్టనే లేదు. “తెచ్చినవాళ్లను” అని మార్చింది ఆ అమ్మాయి.

“నాన్నా” అని పిలుస్తూ రాయడం గురించి మాకూ మా తోటి టీచర్లకూ వాదన ఉంది. మేము వద్దంటాం. పోయినవాళ్లతో మాట్లాడటం పిచ్చి పని అని కాదు. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోని సవరల్లో పోయినవాళ్లు పూజారి నోట వచ్చి మాట్లాడటం, ఇంటివాళ్లు వాళ్లతో వాదించడం, ఏడవడం తరతరాలుగా ఉన్నదే. మనమూ పెద్దలకు గింజలు పెట్టేటప్పుడు మాట్లాడతాం. కాని అక్కడ వినేది పోయినవాళ్లు. ఫోనులో వినేది యూరియా కొట్టాయన. తండ్రికి చెప్పవలసింది తండ్రిని మట్టి చేసిన చోట చెప్పి, మనుషులకు చెప్పవలసింది ఫోనులో చెబితే రెండూ చెడకుండా ఉంటాయి. మా తోటి టీచరు ఒకామె మాత్రం, ఇంటికి వెయ్యి మైళ్ల దూరాన పని చేసుకునే పిల్లలకు మట్టి చేసిన చోటు ఎక్కడుంది, పోలవరం కింద మునిగే ఊళ్లవాళ్లకు ఆ చోటు ఎక్కడ మిగులుతుంది అని అడిగింది. దానికి మా దగ్గర తిరుగు మాట లేదు. అలాంటివాళ్లు ఫోనులోనే పిలుచుకోనీ.

రాసేటప్పుడు మన గోండి, కోయ మాటలు వాడవచ్చా అని కూడా అడుగుతారు. ఎందుకు వాడకూడదు? 2004లో మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు కోయ వాచకాలను తెలుగు లిపిలోనే రాశారు. అదే లిపిలో ఫోనులోనూ రాయవచ్చు. చదవలేనివాళ్లు అడిగి తెలుసుకుంటారు. అడగడం కూడా పలకరింపే.

ఇక మూడో పోస్టు, అందరికంటే ఎక్కువ మాట పడేది. ఆ ఇంట్లో తమ్ముడొకడు పదో తరగతి రాశాడు. తండ్రి పోయిన నెల లోపే ఫలితాలు వచ్చాయి, మంచి మార్కులు వచ్చాయి. అక్క సంతోషం ఆపుకోలేక వాడి ఫొటో పెట్టింది. ఇద్దరూ నవ్వుతున్నారు. “తండ్రి పోయి నెల కాలేదు” అని ఒకామె వెనక అన్నది. అదే నెలలో వాళ్లమ్మ తునికాకుకు పోతున్నది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆకు కాలం కొద్ది వారాలే, పోకపోతే ఏడాది చేతికి డబ్బుండదు, అది అందరికీ తెలుసు. చేతులు పనిలోకి తిరిగి రావడాన్ని ఒప్పుకున్నవాళ్లు ముఖం నవ్వులోకి తిరిగి రావడాన్ని ఎందుకు ఒప్పుకోరు? ఫలితాలు కూడా దినాల కోసం ఆగవు.

ఇక్కడ ఆగడానికి మాకు తోచిన కొలత ఒక్కటే. ఆ పోస్టును ఇంట్లోనే ఎవరైనా చూసి నొచ్చుకుంటారా అని. ఊరివాళ్లు కాదు, ఇంట్లోవాళ్లు. వాళ్లమ్మ ఆ ఫొటో చూసి, “వాడి చొక్కా గుండీ ఊడింది, చూడలేదా” అన్నది. అంతే. ఆమెకు అభ్యంతరం లేనప్పుడు పక్కింటి లెక్క మనకు పట్టదు. అదే ఇంట్లో ఆమె ఇంకా అన్నం ముట్టకుండా ఉంటే, మార్కుల ఫొటోను నలుగురు స్నేహితులకు పంపుకుని ఊరుకోవచ్చు. స్టేటస్ ఎవరికి కనబడాలో, ఎవరికి కనబడకూడదో ఎంచుకునే వీలు ఫోనులోనే ఉంది.

కింద ఏం రాయాలని ఆమె అప్పుడు మమ్మల్ని అడగలేదు. తనే రాసింది: తమ్ముడి పేరు, మార్కులు, బడి పేరు. “నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో” అని రాయలేదు. రాయకపోవడం మాకు నచ్చింది. ఆ వాక్యం రాస్తే తమ్ముడి మార్కుల కింద అందరూ ఏడుపు బొమ్మలు పెట్టేవాళ్లు. ఆ రోజు వాడిది.

తండ్రి నంబరు సంగతి ఇంకా తేలలేదు. ఆ సిమ్ము ఇప్పుడు కొడుకు దగ్గర ఉంది. బ్యాంకు మెసేజీలు, తునికాకు డబ్బుల వివరాలు ఆ నంబరుకే వస్తాయి కాబట్టి మూసేయలేరు. కొడుకు ఒకరోజు తెలియక ఆ నంబరు నుంచే గ్రూపులో శుభోదయం పెట్టాడు. గొడ్డలి భుజాన వేసుకున్న తండ్రి ఫొటో పక్కన శుభోదయం వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు భయపడి ఫోను చేశారు, పోయినాయన అక్క అయితే రెండు రోజులు పడుకోలేదు. కొడుకు ఆ ఫొటో మార్చి తన ఫొటో పెడతానంటాడు. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. విత్తనాల పండుగకు ఆయనకు గింజలు పెట్టాక చూద్దాం, అప్పటిదాకా ఆ నంబరు నుంచి ఎవరూ ఏమీ పెట్టవద్దు అన్నది. బ్యాంకు మెసేజీలు వస్తే కొడుకు చదివి చెబుతున్నాడు.